పాస్‌వర్డ్ మారింది, ఫిల్టర్ మారలేదు

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే వ్యాపారి ఒకాయన ఉన్నారనుకుందాం. మనిషి ఊహే గాని, ఆయనకు ఎదురైన ప్రతి మెలికా జీమెయిల్‌లో జరగగలిగేదే. ఆయన వ్యవహారమంతా ఒక మామూలు జీమెయిల్ అకౌంటు మీద నడుస్తుంది. ఒకరోజు మెయిల్‌బాక్స్ నిండిపోయిందని, ఫలానా లింకులో లాగిన్ అవ్వాలని ఒక మెయిల్ వచ్చింది. ఆయన లింకు నొక్కి పాస్‌వర్డ్ కొట్టారు. మర్నాటికి తన అకౌంటులోకి తానే వెళ్లలేకపోయారు. కొడుకు పక్కన కూర్చుని, గూగుల్ రికవరీ పేజీ ద్వారా పాత ఫోన్ నంబరుకి కోడ్ తెప్పించి అకౌంటును వెనక్కి తెచ్చాడు. కొత్త పాస్‌వర్డ్ పెట్టారు. ఇక గండం గడిచిందనుకున్నారు.

మూడు వారాల తర్వాత దుబాయ్ నుంచి కొనుగోలుదారు ఫోన్ చేశాడు. "మీరు చెప్పిన కొత్త బ్యాంకు అకౌంటుకే డబ్బు వేశాం కదా, సరుకు ఇంకా బయల్దేరలేదేమిటి?" అన్నాడు. వ్యాపారి బ్యాంకు మార్చలేదు. మార్చానని ఎవరికీ చెప్పలేదు. కొత్త పాస్‌వర్డ్ ఆయనకూ కొడుక్కీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఈ మూడు వారాల్లో బయటివాళ్లెవరూ అకౌంటులోకి లాగిన్ కాలేదు కూడా. అయినా డబ్బు పోయింది.

ఎలా పోయిందో అర్థం కావాలంటే, పాస్‌వర్డ్ చేసే పని ఏమిటో ముందు చూడాలి. లోపలికి వచ్చేటప్పుడు మాత్రమే పాస్‌వర్డ్ అడుగుతారు. లోపలికి వచ్చాక చేసిన ఏర్పాట్లకు దానితో పనిలేదు. ఇంటికి వచ్చే ఉత్తరాలను వేరే చిరునామాకు మళ్లించమని పోస్టాఫీసులో ఎవరో దరఖాస్తు పెట్టారనుకోండి. మీరు ఇంటి తాళం మార్చినా ఉత్తరాలు అటే వెళ్తాయి. మన వ్యాపారి తాళం మార్చారు. దరఖాస్తు పోస్టాఫీసులోనే ఉండిపోయింది.

జీమెయిల్‌లో ఆ దరఖాస్తు పేరు ఫిల్టర్ (ఎలాంటి మెయిల్ వస్తే ఏం చేయాలో ముందే రాసిపెట్టే నియమం). నిజానికి ఇది మంచి సౌకర్యం. కరెంటు బిల్లులన్నీ ఒక చోటికి, బ్యాంకు మెయిళ్లన్నీ ఇంకో చోటికి వెళ్లేలా పెట్టుకోవచ్చు. ఫిల్టర్ పనిచేసేది మీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కాదు, గూగుల్ సర్వర్ల దగ్గర. మెయిల్ మీ ఇన్‌బాక్స్‌కు చేరకముందే దాని పని అయిపోతుంది. అందుకే మీ ఫోన్ ఆపేసి ఉన్నా, పాస్‌వర్డ్ పదిసార్లు మార్చినా అది నడుస్తూనే ఉంటుంది.

దొంగ చేతిలో అకౌంటు ఉన్నది ఒక్క పూటే. ఆ పూట అతను ఏమీ దోచుకోలేదు, పాత మెయిళ్లు చదివాడు. దుబాయ్‌కి సరుకు వెళ్లబోతోందనీ, డబ్బు ఇంకా రావాల్సి ఉందనీ తెలుసుకున్నాడు. తర్వాత రెండు ఫిల్టర్లు రాసి వెళ్లిపోయాడు. సెట్టింగ్స్‌లో చూస్తే అవి సుమారుగా ఇలా కనిపిస్తాయి:

```
Matches: from:(buyer@example.com) (bank OR payment OR invoice)
Do this: Mark as read, Delete it, Forward to desk@example.net

Matches: from:(no-reply@accounts.google.com)
Do this: Mark as read, Delete it
```

మొదటి ఫిల్టర్‌ను కొంచెం నిదానంగా చదవండి. కొనుగోలుదారు పంపే మెయిళ్లన్నిటినీ అది ఆపదు. అలా ఆపితే రెండు రోజుల్లోనే అనుమానం వస్తుంది. సరుకు నాణ్యత గురించో, కంటైనర్ గురించో రాసినవి మామూలుగానే వస్తాయి. బ్యాంకు, చెల్లింపు, ఇన్‌వాయిస్ అన్న మాటలున్నవి మాత్రం దొంగకు ఒక నకలు వెళ్లి, చదివినట్టు గుర్తు పడి, ట్రాష్‌లోకి పోతాయి. చదివినట్టు గుర్తు పడటం వల్ల కొత్త మెయిల్ అంకె కూడా పెరగదు. రెండో ఫిల్టర్ గూగుల్ పంపే భద్రతా హెచ్చరికల కోసం. అవి వస్తూనే ట్రాష్‌కి వెళ్తాయి.

డబ్బు పంపడానికి సిద్ధమంటూ కొనుగోలుదారు మెయిల్ రాశాడు. అది దొంగకు చేరింది. దొంగ వ్యాపారి చిరునామాలో ఒక్క అక్షరం తేడాతో ఇంకో చిరునామా తయారు చేసుకుని, దాని నుంచి కొత్త బ్యాంకు వివరాలు పంపాడు. కొనుగోలుదారు అమాయకుడేమీ కాదు. జవాబు నొక్కకుండా, తన దగ్గరున్న పాత చిరునామాకే విడిగా ఒక మెయిల్ రాసి బ్యాంకు మారిందా అని అడిగాడు. ఆ జాగ్రత్త కూడా ఫిల్టర్ నోట్లోనే పడింది. "bank" అన్న మాట ఉంది కాబట్టి ఆ మెయిల్ వ్యాపారికి కనిపించలేదు, దొంగకు కనిపించింది. అవును, మారిందని దొంగే జవాబిచ్చాడు. ఒక్క ఫోన్ కాల్‌తో బయటపడే సంగతిని మెయిల్‌లో అడగడం వల్ల అది చివరిదాకా దాగింది.

మరి వ్యాపారి సెట్టింగ్స్ చూడలేదా? చూశారు, ఫోన్‌లో. జీమెయిల్ ఫోన్ యాప్‌లో ఫిల్టర్ల జాబితా ఉండదు. మనవాళ్లలో చాలామందికి ఫోనే కంప్యూటర్ కాబట్టి ఈ చిన్న లోటు దొంగలకు పెద్ద ఆసరా. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, చక్రం గుర్తు నొక్కి, "See all settings" లోకి వెళ్లాలి. కంప్యూటర్ లేకపోతే ఫోన్ బ్రౌజర్‌లోనే డెస్క్‌టాప్ సైట్ ఎంచుకుని mail.google.com తెరవచ్చు. అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి గాని పని జరుగుతుంది.

అక్కడ చూడాల్సిన ట్యాబులు మూడు. "Filters and Blocked Addresses" లో ఫిల్టర్లుంటాయి. మీరు రాయనిది ఏదున్నా అనుమానించాల్సిందే. "Delete it", "Skip Inbox", "Forward to" అన్న మాటలున్నవాటిని ఇంకా జాగ్రత్తగా చదవాలి. తీసేసే ముందు తెరను ఫోటో తీసి పెట్టుకోండి. దొంగ చిరునామా అందులోనే ఉంటుంది, ఫిర్యాదుకు పనికొస్తుంది. రెండోది "Forwarding and POP/IMAP". ఫిల్టర్‌తో సంబంధం లేకుండా వచ్చే మెయిల్ అంతటినీ మళ్లించే ఏర్పాటు ఇక్కడ ఉంటుంది. కొత్త చిరునామా చేర్చేటప్పుడు జీమెయిల్ నిర్ధారణ అడుగుతుంది నిజమే. కానీ ఆ కోడ్ వెళ్లేది చేర్చిన చిరునామాకే, అంటే దొంగకే. మళ్లింపు పెట్టిన తొలి వారం ఇన్‌బాక్స్‌లో ఒక హెచ్చరిక కూడా కనిపిస్తుంది. ఫోన్ యాప్‌లోనే మెయిల్ చూసేవారు దాన్ని గమనించే అవకాశం తక్కువ.

మూడోది "Accounts and Import". ఇందులో రెండు మూలలున్నాయి, వాటిని దాదాపు ఎవరూ చూడరు. ఒకటి "Grant access to your account". మీ మెయిల్ చదవడానికి, మీ పేరున పంపడానికి మరొకరికి ఇచ్చే అనుమతి అది. అనుమతి పొందినవారు తమ సొంత అకౌంటుతో, తమ సొంత పాస్‌వర్డ్‌తోనే వస్తారు. మీ పాస్‌వర్డ్ మారినా వాళ్లకు అడ్డు లేదు. రెండోది "Send mail as" కింద "edit info" నొక్కితే కనిపించే "reply-to" చిరునామా. అక్కడ వేరే చిరునామా రాసి ఉంటే, మీరు పంపిన మెయిల్‌కు ఎవరైనా జవాబు నొక్కగానే అది ఆ చిరునామాకు పోతుంది. మీరు పంపేది సరిగ్గానే వెళ్తుంది, జవాబే రాదు.

అన్నీ చూశాక ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. ఇంట్లో ఇంకొకరి అకౌంటు నుంచి మీకు bank, payment అన్న మాటలతో ఒక మెయిల్ పంపించండి. ఇన్‌బాక్స్‌లోకి రాకపోతే ఇంకా ఏదో మిగిలి ఉంది. వచ్చినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. మన ఉదాహరణలోలాగా ఫిల్టర్ ఒక్క కొనుగోలుదారు చిరునామాకే పెట్టి ఉండొచ్చు. ఆ మనిషి నుంచి పోయిన మెయిళ్లు ఏమయ్యాయో చూడటానికి వెతికే పెట్టెలో ఇలా కొట్టాలి:

```
in:anywhere from:buyer@example.com
```

మామూలుగా వెతికితే ట్రాష్, స్పామ్ లోపలివి కనిపించవు. ఇలా వెతికితే కనిపిస్తాయి. ట్రాష్‌లో పడినవి 30 రోజులే ఉంటాయి కాబట్టి ఈ పని వాయిదా వేయకూడదు.

ఫిల్టర్ల గురించే ఇంతసేపు చెప్పానంటే, అవి ఎక్కువ మంది చూడని చోటు కాబట్టి. పని చేసేటప్పుడు మాత్రం వాటి వంతు చివర. దొంగ ఇంకా లోపలే ఉండగా ఫిల్టర్ తీస్తే అతను మళ్లీ రాస్తాడు. కాబట్టి ముందు దారులు మూయాలి, ఆ తర్వాత లోపలి ఏర్పాట్లు తీయాలి. అన్నిటికంటే ముందు మీరు వాడుతున్న పరికరం శుభ్రంగా ఉండాలి. పాస్‌వర్డ్ పోయింది నకిలీ పేజీలో కొట్టడం వల్ల కాకుండా, ఇంటర్నెట్ నుంచి దించుకున్న దొంగ సాఫ్ట్‌వేర్ వల్లైతే, అదే కంప్యూటర్‌లో పెట్టిన కొత్త పాస్‌వర్డ్ కూడా అలాగే పోతుంది. అనుమానం ఉంటే ఈ పనంతా వేరే పరికరం నుంచి చేయాలి.

మొదటి దారి రికవరీ వివరాలు. పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు కోడ్ ఎవరికి పంపాలో గూగుల్‌కు చెప్పేవి ఇవే. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ దొంగవి అయితే అతనికి మీ పాస్‌వర్డ్ అక్కర్లేదు, మర్చిపోయానని చెప్పి కొత్తది తెచ్చుకుంటాడు. మీ గూగుల్ అకౌంటులో భద్రతా విభాగం తెరిచి, అక్కడున్న ప్రతి నంబరూ, ప్రతి చిరునామా మీదేనా అని చూడండి.

ఇక్కడ దొంగ ఒక్కడే కాదు సమస్య. చాలామంది మొదటి జీమెయిల్ అకౌంటు ఫోన్ కొన్న షాపులోనే పుట్టింది. ఆ షాపు కుర్రాడు తన నంబరో, తన మెయిలో రికవరీ కింద పెట్టి ఉంటాడు. చెడు ఉద్దేశంతో కాదు, పని తొందరగా కావాలని. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటూ ఊళ్లో తీసుకున్న పాత నంబరునే రికవరీకి ఉంచుకున్నవారిది ఇంకో కథ. రీచార్జి లేక సిమ్ రద్దయితే, 90 రోజుల గడువు దాటాక ఆ నంబరును కంపెనీ ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పటి నుంచి మీ కోడ్‌లు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి వెళ్తాయి.

గూగుల్ నియమం ఒకటి రెండు వైపులా పదునైనది. రికవరీ ఫోన్ గాని మెయిల్ గాని మార్చినా, 7 రోజుల వరకు పాతదానికి కోడ్ తెప్పించుకునే వీలు ఉండవచ్చు. దొంగ మీ నంబరు తీసేసినా మీరు వెనక్కి రావడానికే ఈ ఏర్పాటు. మన వ్యాపారి బయటపడింది దీనివల్లే. అయితే మీరు దొంగ నంబరు తీసేసిన తర్వాత కూడా అదే వారం గడువు వర్తించవచ్చు. అందుకే ఆ ఏడు రోజులూ మీరు అడగని కోడ్‌లు, మీరు చేయని లాగిన్ ప్రయత్నాలు ఏమైనా కనిపిస్తున్నాయా అని చూస్తూ ఉండాలి.

రెండంచెల ధృవీకరణ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు అడిగే పద్ధతి) ఉన్నవారు దాన్నీ తెరిచి చూడాలి. దొంగ తన ఫోన్‌నే రెండో రుజువుగా చేర్చి ఉండొచ్చు. బ్యాకప్ కోడ్‌లు కూడా ఇక్కడే ఉంటాయి. ఎనిమిది అంకెల కోడ్‌లు పది, ఒక్కోటి ఒక్కసారి పనిచేస్తుంది. అవి అతని దగ్గర ఫోటోగా ఉన్నాయో లేదో మీకు తెలిసే మార్గం లేదు. తెలుసుకోనక్కర్లేదు కూడా, కొత్త సెట్ తీసుకుంటే పాతవి చెల్లవు. రికవరీ మెయిల్‌గా పెట్టుకున్న అకౌంటు కూడా మీదే అయినప్పుడు, దాని ఫిల్టర్లు కూడా చూడాలి. పెద్ద అకౌంటుకు కాపలా పెట్టి చిన్నదాన్ని వదిలేస్తే దొంగ చిన్నదాని గుండానే వస్తాడు.

రెండో దారి సెషన్ (ఒకసారి లాగిన్ అయ్యాక, మళ్లీ పాస్‌వర్డ్ అడగకుండా పరికరం లోపలే ఉండే స్థితి). మీ ఫోన్ రోజూ పాస్‌వర్డ్ అడగకపోవడానికి కారణం ఇదే. లాగిన్ అయినప్పుడు బ్రౌజర్‌లో కుకీ (ఈ పరికరం అనుమతి పొందిందని చెప్పే చిన్న రాత) నిల్వ అవుతుంది. దొంగ సాఫ్ట్‌వేర్ ఆ కుకీని ఎత్తుకెళ్తే, పాస్‌వర్డూ కోడూ లేకుండానే అతను లోపల ఉంటాడు.

పాస్‌వర్డ్ మారిస్తే గూగుల్ దాదాపు అన్ని చోట్లా బయటికి పంపేస్తుంది. ఆ "దాదాపు" అన్న మాట దగ్గర ఆగాలి. లాగిన్ అవుతున్నది మీరేనని నిర్ధారించడానికి వాడే పరికరాలకు, మీరు అనుమతి ఇచ్చిన కొన్ని యాప్‌లున్న పరికరాలకు మినహాయింపు ఉంది. దొంగ తన ఫోన్‌ను నిర్ధారణ పరికరంగా చేర్చి ఉంటే అది లోపలే మిగలవచ్చు. అందుకని myaccount.google.com/device-activity పేజీ తెరిచి, తెలియని ప్రతిదాన్నీ చేత్తో బయటికి పంపాలి.

ఆ జాబితాలో ఊరు పేరు చూసి మాత్రం కంగారుపడకండి. మొబైల్ డేటా వాడితే గుంటూరులో ఉన్న మీ ఫోన్ హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్నట్టు చూపించవచ్చు. నమ్మదగినవి పరికరం రకం, అది మొదట లాగిన్ అయిన సమయం. మీ ఇంట్లో విండోస్ కంప్యూటరే లేకపోతే, అకౌంటు పోయిన రాత్రి చేరిన విండోస్ కంప్యూటర్ ఏ ఊరిదైనా తీసేయాల్సిందే. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిస్తే కింద కుడివైపు "Details" అని కూడా ఒకటి ఉంటుంది. మెయిల్‌ను ఇటీవల ఏ మార్గంలో, ఎప్పుడు తెరిచారో అది చెబుతుంది.

మూడో దారి అనుసంధానించిన యాప్‌లు. ఏదో సైట్‌లో గూగుల్ బటన్ నొక్కి అనుమతి ఇచ్చినప్పుడు, ఆ సైట్‌కు మీ పాస్‌వర్డ్ వెళ్లదు. దానికి బదులు టోకెన్ (ఫలానా పనులు చేసుకోవచ్చని ఇచ్చే డిజిటల్ అనుమతి చీటీ) వెళ్తుంది. పాస్‌వర్డ్ లేకుండానే అది పనిచేస్తుంది. దీన్ని ఎలా వాడుకోవచ్చో 2017 మేలో లోకానికి తెలిసింది. గూగుల్ డాక్స్ అనే పేరు పెట్టుకున్న ఒక నకిలీ యాప్, తెలిసినవాళ్ల దగ్గర నుంచి వచ్చినట్టే మెయిల్ పంపి, మెయిల్‌కూ కాంటాక్ట్‌లకూ అనుమతి అడిగింది. జనం నొక్కిన పేజీ నిజంగా గూగుల్‌దే, యాప్ పేరే అబద్ధం. గూగుల్ దాన్ని సుమారు గంటలో ఆపింది. అప్పుడు ఎవరి పాస్‌వర్డూ దొంగిలించలేదు, అవసరం పడలేదు.

ఇప్పుడు పాస్‌వర్డ్ మారిస్తే, జీమెయిల్ చదవగల టోకెన్‌లను గూగుల్ రద్దు చేస్తుంది. డ్రైవ్, కాంటాక్ట్‌లు, క్యాలెండర్ వరకే ఉన్న టోకెన్‌లు అలా రద్దు కావు. మెయిల్ కాకపోతే ఏముందిలే అనిపించవచ్చు. వ్యాపారి డ్రైవ్‌లో ఇన్‌వాయిస్‌ల నమూనాలు, రద్దు చేసిన చెక్కు స్కాన్, పాన్ కార్డు ఉంటాయి. నకిలీ ఇన్‌వాయిస్ అచ్చం అసలుదానిలా తయారు కావడానికి అవి చాలు. myaccount.google.com/connections పేజీలో ఒక్కో యాప్‌నూ తెరిచి, పేరు చూడకుండా అది ఏమేం చేయగలదో చూడండి. పేరు, మెయిల్ చిరునామా మాత్రమే తెలుసుకునే సైట్‌ల వల్ల పెద్ద ముప్పు లేదు. మెయిల్, డ్రైవ్, కాంటాక్ట్‌లు చూడగలిగినవాటిలో మీరు గుర్తుపట్టలేనివి తీసేయండి. పొరపాటున పనికొచ్చేది తీసినా నష్టం లేదు, అది తర్వాత మళ్లీ అనుమతి అడుగుతుంది.

ఇన్ని చేసినా ఒకటి మాత్రం చేతిలో లేదు. దొంగకు అప్పటికే వెళ్లిన నకళ్లను వెనక్కి తేలేం. అతనికి మీ కొనుగోలుదారులు తెలుసు, మీరు రాసే తీరు తెలుసు. అక్షరం తేడా చిరునామాతో రాయడానికి మీ అకౌంటు అక్కర్లేదు. అందుకని లావాదేవీలున్నవాళ్లకు ఫోన్ చేసి, బ్యాంకు వివరాల మార్పు ఏదైనా మాటతోనే నిర్ధారించుకోమని చెప్పాలి. డబ్బు అప్పటికే పోయి ఉంటే, మన దేశంలో 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేసి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు అకౌంటు నుంచి అకౌంటుకు మారకముందే ఆపించడానికి ఆ తొలి గంటలే పనికొస్తాయి. దుబాయ్ నుంచి పంపిన డబ్బైతే పంపినవారు కూడా తమ బ్యాంకుకు అదే వేగంతో చెప్పాలి.

వారం గడిచాక, అంటే ఎనిమిదో రోజున, ఫిల్టర్లూ పరికరాలూ యాప్‌లూ ఇంకొకసారి తెరిచి చూడండి. మీరు తీసేసిన ఫిల్టర్ మళ్లీ కనిపిస్తే దాన్ని ఇంకోసారి తీసి ఊరుకోవద్దు. ఎవరో ఇంకా లోపలికి వస్తున్నారు, లేదా జీమెయిల్ సెట్టింగ్స్ మార్చే అనుమతి ఉన్న యాప్ ఒకటి మిగిలిపోయింది. జాబితాలో యాప్‌లూ సెషన్‌లూ రెండూ శుభ్రంగా ఉండి కూడా ఫిల్టర్ తిరిగి వస్తుంటే, తప్పు అకౌంటులో కాదు, మీరు కూర్చున్న కంప్యూటర్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని పూర్తిగా చెరిపి, ఆపరేటింగ్ సిస్టం కొత్తగా ఎక్కించాకే పాస్‌వర్డ్ మళ్లీ మార్చాలి.